ఫొటోలో గొడుగు కనిపిస్తుంది, కాడ మొదలు కనిపించదు

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. మొన్నటి వానలకు మా నిమ్మతోటలో, పశువుల ఎరువు వేసిన పాదుల పక్కన, తెల్లటి పెద్ద పుట్టగొడుగులు లేచాయి. చిన్నప్పుడు ఉదయగిరి వైపు పుట్టల మీద కోసుకొచ్చి వండుకున్నవి ఇవేనని మా అత్తగారు అంటున్నారు. మా ఆయన వద్దంటున్నారు. వెల్లుల్లి వేసి ఉడికిస్తే, అది నల్లబడకపోతే తినవచ్చని పక్కింటివాళ్లు చెప్పారు. ఫొటో పంపుతున్నాను. చూసి, తినవచ్చో లేదో చెప్పగలరా?

సమాధానం:

అమ్మా, వండకండి. ఫొటోలో ఉన్నది విషపు పుట్టగొడుగని తేలిపోయినందువల్ల ఈ మాట చెప్పడం లేదు. ఆ ఫొటోను ఎంతసేపు చూసినా అది ఏ రకమో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు గనుక చెబుతున్నాను. ఎందుకు సాధ్యం కాదో మీరు పంపిన ఫొటోనే ముందు పెట్టుకుని వివరిస్తాను. అప్పుడు మీ అత్తగారికి కూడా విషయం సులువుగా చెప్పగలుగుతారు.

మీరు నిలబడి, పై నుంచి ఫొటో తీశారు. గొడుగు పక్కన ఒక నిమ్మాకు రాలి ఉండడం మంచిదైంది. ఆ ఆకు రెండు, మూడు అంగుళాలు ఉంటుందనుకుంటే గొడుగు అడ్డం ఆరేడు అంగుళాలకు తక్కువ ఉండదు. రంగు తెలుపు. నడిమధ్య లేత గోధుమరంగు మచ్చ ఉంది, దాని చుట్టూ అదే రంగు పొలుసులు నాలుగైదు చెదురుగా అంటుకుని ఉన్నాయి. గొడుగు ఒక పక్కకు వాలినందువల్ల కాడ పైభాగం కొద్దిగా కనబడుతోంది, దాని మీద ఉంగరంలా ఒక పట్టీ ఉన్నట్టుంది. ఫొటో చెప్పేది ఇంతే. గొడుగు అడుగున మడతలు ఏ రంగులో ఉన్నాయో, అవి కాడను తాకుతున్నాయో లేదో, కాడ మొదలు ఎలా ఉందో, అది మట్టిలోకి ఎంత లోతుగా దిగిందో, కింద చెదల గూడు ఉందో లేదో, మడతల నుంచి పొడిలా రాలే సిద్ధబీజాల రంగు ఏమిటో ఇందులో లేవు. పుట్టగొడుగును గుర్తుపట్టడానికి కావలసినవి ముఖ్యంగా ఇవే.

ఫొటోలో కనిపించిన ఆ నాలుగు గుర్తులకూ సరిపోయేవి కనీసం మూడు వర్గాలున్నాయి. మొదటిది మీ అత్తగారు చెబుతున్న పుట్ట మీది పుట్టగొడుగు. శాస్త్రజ్ఞులు దీన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదపురుగులు భూమిలోపల తమ గూట్లో ఈ బూజును తోటలా పెంచుకుంటాయి. అదను కుదిరి వాన పడినప్పుడు ఆ గూటి నుంచి కాడ పైకి పొడుచుకువచ్చి గొడుగు విప్పుతుంది. ఇది తినదగినది, రుచికరమైనది కూడా, అందులో అనుమానం లేదు. రెండవది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. పచ్చిక నేలల్లోనూ ఎరువు బాగా వేసిన తోటల్లోనూ వానల తరువాత లేచే పెద్ద తెల్ల గొడుగు ఇది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, కొందరిలో విరేచనంలో రక్తం కూడా పడుతుంది. పసిపిల్లలకూ వృద్ధులకూ ఒంట్లో నీరు ఇంకిపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. మూడవది అమనైటా వర్గం. వీటిలో తినగలిగేవీ ఉన్నాయి, కాలేయాన్ని నాశనం చేసి మనిషిని చంపేవీ ఉన్నాయి.

తోటలో ఎరువు, గొడుగు వైశాల్యం, పైన గోధుమరంగు పొలుసులు చూస్తే నా అనుమానం ఎక్కువగా రెండవదాని మీదికే పోతోంది. కానీ అది అనుమానం మాత్రమే. అనుమానం ఆధారంగా తినవద్దని చెప్పవచ్చు గాని, తినమని చెప్పడానికి అది ఎంతమాత్రం చాలదు.

ఇక్కడ చాలామంది ఒక సూత్రం పట్టుకుని కూర్చుంటారు. కాడకు ఉంగరం ఉంటే విషమనీ, లేకపోతే మంచిదనీ చెబుతారు. ఈ సూత్రం మన ప్రాంతంలోనే వీగిపోతుంది. దక్షిణాదిలో పుట్టల మీద వచ్చే టెర్మిటోమైసిస్‌లలో హైమియై అనే రకానికి కాడ మీద దళసరి ఉంగరం స్పష్టంగా ఉంటుంది, దాని గొడుగు నడుమ మసకరంగు మచ్చ కూడా ఉంటుంది. అది తినేదే. క్లోరోఫిల్లమ్‌కూ ఉంగరం ఉంటుంది, అది తినకూడనిది. ఇక ఉంగరం లేనివన్నీ మంచివనుకుందామంటే, ఉంగరం వానకు జారి ఊడిపోయిన అమనైటా కూడా ఉంగరం లేనట్టే కనిపిస్తుంది. కాడ మొదట సంచి ఉంటే విషమన్న రెండో సూత్రమూ ఇంతే. మన గడ్డివాముల దగ్గర లేచే వరిగడ్డి పుట్టగొడుగుకు మొదట సంచి ఉంటుంది, దాన్ని సాగు చేసి అమ్ముతారు. ప్రాణాలు తీసే అమనైటాలకూ సంచి ఉంటుంది. ఆగ్నేయాసియా నుంచి అమెరికాకూ ఆస్ట్రేలియాకూ వలస వెళ్లినవారిలో కొందరు అక్కడ చెట్ల కింద దొరికిన, మృత్యు పుట్టగొడుగనే ప్రాణాంతక అమనైటాను తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగనుకుని వండుకుని చనిపోయారు. వారికి పుట్టగొడుగులు కొత్త కాదు. తమ ఊళ్లో పనికివచ్చిన గుర్తులను వేరే నేల మీద వాడారు, అంతే.

వాన సంగతి మన నెల్లూరు జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వల్ల, వాయుగుండాలతో కుండపోతగా పడతాయి. గొడుగు మీది పొలుసులూ, అమనైటాల మీద ఉండే తెల్లటి పెచ్చులూ గట్టి వానకు కడుక్కుపోతాయి. తెల్లవారి మీరు చూసేసరికి అది నున్నటి తెల్ల గొడుగే. పైగా ఫోన్ కెమెరా రంగులను తనకు తోచినట్టు సవరిస్తుంది. తెల్లవారుజాము నీడలో తీస్తే తెలుపు నీలంగా, ఫ్లాష్ వేస్తే లేత ఆకుపచ్చ జాడ కూడా శుద్ధ తెలుపుగా పడుతుంది. అసలు ఆ ఆకుపచ్చ జాడ మీదే నిర్ణయమంతా ఆధారపడి ఉన్నప్పుడు ఫొటో మనకు ఏం సాయం చేస్తుంది?

ఆ ఆకుపచ్చ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. క్లోరోఫిల్లమ్ సిద్ధబీజాలు ఆకుపచ్చగా ఉంటాయి, పుట్టగొడుగుల్లో ఇది అరుదైన లక్షణం. అయితే లేతగా ఉన్నప్పుడు దాని మడతలు తెల్లగానే ఉంటాయి. గొడుగు పూర్తిగా విప్పుకుని, బీజాలు పక్వానికి వచ్చిన తరువాతే మడతలు బూడిదరంగు కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. మనం వంటకు కోసేది ఎప్పుడు? లేతగా, గట్టిగా ఉన్నప్పుడే కదా. అంటే ప్రమాదాన్ని పట్టించే గుర్తు బయటపడకముందే అది చట్టిలోకి చేరుతుంది. గొడుగును తిరగేసి అడుగుభాగం ఫొటో తీసి పంపినా, లేతదైతే, అది తెల్లగానే కనబడుతుంది.

బీజాల రంగు తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తినడానికి కాకుండా తెలుసుకోవడానికైతే చేసి చూడండి. బాగా విప్పుకున్న గొడుగును ఒకటి తీసుకుని కాడను గొడుగు దగ్గరికి కోసేయాలి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కనే పరిచి, రెండింటి మీదా పడేలా గొడుగును మడతలు కిందికి ఉండేట్టు పెట్టాలి. గాలి తగలకుండా పైన ఒక గిన్నె బోర్లించి రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడేది కాకపోతే మంచిది. తెల్లవారి గొడుగు ఎత్తి చూస్తే మడతల ఆకారంలోనే పొడి రాలి ఉంటుంది. ఆకుపచ్చ పొడి పడితే అది క్లోరోఫిల్లమ్ అనుకోవచ్చు. లేత గులాబీరంగు పొడి టెర్మిటోమైసిస్‌కూ, వరిగడ్డి పుట్టగొడుగుకూ, ఇంకా కొన్ని ఇతర రకాలకూ పడుతుంది. తెల్లటి పొడి అమనైటాలకు పడుతుంది, తినదగిన ఎన్నో రకాలకూ పడుతుంది. నల్ల కాగితం పెట్టమన్నది ఇందుకే, తెల్ల కాగితం మీద తెల్ల పొడి కనబడదు, ఏమీ రాలలేదని పొరబడతాం. ఈ పరీక్ష ఫలితం తినకూడదని చెప్పడానికి పనికివస్తుంది, తినవచ్చని చెప్పడానికి మాత్రం పనికిరాదు. గులాబీరంగు పడిందని పొయ్యి వెలిగించకండి.

పక్కింటివారు చెప్పిన వెల్లుల్లి పరీక్షకు ఆధారమేమీ లేదు. వెండి నాణెం, పసుపు, బియ్యం వేసి చూసేవారూ ఉన్నారు. ఇవన్నీ విషం ఏదైనా ఒకే తీరున ప్రవర్తిస్తుందన్న నమ్మకం మీద నిలబడ్డవి. ప్రాణాంతకమైన అమనైటాలలో ఉండేవి అమటాక్సిన్లు. అవి వెల్లుల్లినీ వెండినీ నల్లబరచవు, చేదుగా ఉండవు, దుర్వాసన వేయవు, ఎంత ఉడికించినా, ఎండబెట్టి దాచుకున్నా చావవు. పురుగు తొలిచింది కదా, ఉడుత కొరికింది కదా, అందుకని మనకూ మంచిదే అనడం కూడా పొరపాటే. పురుగు శరీరం వేరు, మన కాలేయం వేరు. క్లోరోఫిల్లమ్ విషం వేడికి కొంత దెబ్బతింటుందంటారు, కానీ ఇంట్లో పొయ్యి మీద ఏ ముక్కకు ఎంత వేడి తగిలిందో ఎవరు చెప్పగలరు? వండుకుని తిన్నవారు కూడా ఆసుపత్రి పాలయ్యారు.

ఇళ్లలో నేను ఎక్కువగా విన్న మాట ఇంకొకటుంది: కొద్దిగా రుచి చూసి, ఓ గంట ఆగి, ఏమీ కాకపోతే అందరం తిందామని. అన్నిటికన్నా ప్రమాదకరమైన పరీక్ష ఇదే. అమటాక్సిన్ ఉన్న పుట్టగొడుగు తిన్నాక మొదటి ఆరు గంటలు, చాలాసార్లు పది, పన్నెండు గంటలు మనిషి మామూలుగానే ఉంటాడు. రాత్రి భోజనంలో తింటే, తెల్లవారుజామున వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. మరుసటి రోజో, ఆ పై రోజో అవి తగ్గుముఖం పడతాయి. రోగి లేచి కూర్చుంటాడు, గంజి తాగుతాడు, ఇంటికి పోదామంటాడు. కాలేయ కణాలు లోపల చనిపోతూ ఉండేది ఆ రోజుల్లోనే. మూడో రోజు నుంచి కళ్లు పచ్చబడడం, మగతగా ఉండడం, రక్తం గడ్డకట్టకపోవడం కనిపిస్తాయి. అప్పటికి చికిత్స చేతులు దాటే పరిస్థితి రావచ్చు. పెద్ద గొడుగు ఒక్కటి చాలు, పెద్దవాళ్లకు కూడా ప్రాణాంతకం కావడానికి.

ఈ విషం ఉండేది ఒక్క అమనైటాల్లోనే కాదు. లెపియోటా అనే చిన్న గొడుగుల వర్గంలో కొన్నింటికీ ఇదే విషం ఉంది. వాటికి సంచి ఉండదు, అడవి కూడా అక్కర్లేదు, తోటల్లోనూ పెంటదిబ్బల పక్కనా రావచ్చు. అందుకే సంచి లేదు కనుక ఫర్వాలేదన్న మాట ఎవరన్నా నేను ఒప్పుకోను.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల పనివారి కుటుంబాలవారు. ఏటా వానలకు పుట్టగొడుగులు ఏరుకుని తినే అలవాటు ఉన్న ప్రాంతమది. అలవాటు లేనివారికే ఇది జరుగుతుందని అనుకోవడానికి వీలు లేదు.

ఇంత చెప్పినంత మాత్రాన మీ అత్తగారి మాటను కొట్టిపారేస్తున్నానని అనుకోవద్దు. ఆమెకు తెలిసినది నిజమైన విద్యే. ఉదయగిరి, వెలిగొండల వైపు పుట్టగొడుగులు ఏరేవారిని గమనిస్తే వారు గొడుగును చూసి నిర్ణయించరు, పుట్టను చూసి నిర్ణయిస్తారు. ఫలానా పుట్ట మీద ఏటా ఫలానా కార్తెలో వస్తాయని వారికి తెలుసు. కాడను పీకరు, మట్టిని పక్కకు తీస్తూ కిందికి తవ్వుతారు. టెర్మిటోమైసిస్ పెద్ద రకాల్లో కాడ భూమిలోకి వేరులా సన్నబడుతూ దిగిపోతుంది, ఒక్కోసారి అడుగు లోతుకు పైగా ఉంటుంది, దాని కొస చెదల గూటిలో ఉండే మెత్తటి గుల్ల దిబ్బకు అంటుకుని ఉంటుంది. ఆ కొసను కళ్లారా చూసినవారిది ఊహ కాదు. మీ తోటలో ఎవరైనా తవ్వి చూశారా? కాడ మొదలు పాదు మట్టిలో, ఎరువు పొరలోనే ఆగిపోయి ఉబ్బెత్తుగా ఉందా, లేక కిందికి దిగిపోతోందా? ఈ ప్రశ్న మీ అత్తగారినే అడగండి. ఆమె జ్ఞాపకంలో ఉన్నది పుట్టతో కలిపి చూసిన పుట్టగొడుగు, మీరు చూపిస్తున్నది పుట్ట లేని పుట్టగొడుగు. ఇది ఆమెకు నా కన్నా బాగా అర్థమవుతుంది. అయితే దీనికీ పరిమితి ఉంది. టెర్మిటోమైసిస్‌లోనే చిటికెనవేలంత చిన్న రకానికి ఆ పొడవాటి వేరు ఉండదు. పుట్ట మట్టి మీద వేరే జాతి పుట్టగొడుగులూ లేస్తాయి. కాబట్టి పుట్ట మీద ఉంది కనుక మంచిదే అన్నది కూడా పూర్తి భరోసా కాదు.

మీరు మరో నాలుగు ఫొటోలు తీసి పంపినా, అడుగు మడతలు, నిలువుగా చీల్చిన కాడ, తవ్విన మొదలు, బీజాల పొడి అన్నీ చూపించినా, జాతి ఏదో కొంత దగ్గరగా చెప్పగలనేమో గాని, తినండి అన్న మాట నా నుంచి రాదు. తినే వస్తువు విషయంలో ఆ మాట చెప్పవలసింది మొదలంటా తవ్వి, చేత్తో పట్టుకుని, చీల్చి, వాసన చూసి, ఆ చోటును ఎరిగినవారు మాత్రమే. వారైనా ఒక్కొక్క గొడుగునూ విడివిడిగా చూడాలి. ఒకే పాదులో పక్కపక్కన లేచిన రెండు గొడుగులు ఒకే జాతివి కావాలని ఎక్కడా లేదు. ముఖ్యంగా మొగ్గలను కలిపి ఏరకండి. అమనైటా మొగ్గ మట్టిలో కోడిగుడ్డులా ఉంటుంది. దాన్ని నిలువుగా కోస్తే తెల్లటి పొర లోపల చిన్న గొడుగు, కాడ ఆకారం స్పష్టంగా కనబడుతుంది. కోయకుండా చూస్తే అది తినే మొగ్గల్లో కలిసిపోతుంది.

మీ తోట సంగతి. ఆ గొడుగులు నిమ్మచెట్లకు హాని చేయవు, నా అనుమానం నిజమైతే అవి ఎరువులోని కుళ్లిన పదార్థాన్ని తిని బతికేవే. కాయలు కోసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మందు కొట్టనక్కర్లేదు. మీది మీద ముట్టుకున్నంత మాత్రాన విషం ఎక్కదు, చేతులు కడుక్కుంటే చాలు. తోటలో చిన్నపిల్లలు గాని కుక్కపిల్లలు గాని తిరుగుతుంటే మాత్రం అన్నిటినీ పీకి గుంతలో వేసి మట్టి కప్పండి. వానలున్నన్నాళ్లూ మళ్లీ లేస్తూనే ఉంటాయి, రోజూ పొద్దున ఒకసారి చూసుకోవాలి. పుట్టగొడుగుల కూర మీద మనసుంటే సాగు చేసిన పాల పుట్టగొడుగులు దొరుకుతాయి, అవి మన వేడికి బాగా పండుతాయి, కొనుక్కోండి.

ఈ ఉత్తరం అందేలోపే ఇంట్లో ఎవరైనా తిని ఉంటే, వారికి ఏమీ కాకపోయినా సరే, తిన్న ప్రతి ఒక్కరినీ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. తోటలో మిగిలిన గొడుగు ఒకటి మొదలంటా తవ్వి, ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లండి. ప్లాస్టిక్‌లో అది గంటల్లో కుళ్లి గుర్తుపట్టడానికి వీలు లేకుండా పోతుంది. కూర మిగిలి ఉంటే అది కూడా, వాంతి చేసుకుంటే దానిలో కొంచెం కూడా పట్టుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారు, మొదటి వాంతి ఎన్ని గంటలకు అయింది అన్న రెండు సమయాలు కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి, ఆ రెంటి మధ్య వ్యవధి ఆయనకు చాలా చెబుతుంది. ఆరు గంటలు దాటాక వాంతులు మొదలయ్యాయంటే కాలేయం మీద కన్నేసి ఉంచాల్సిందే. తొందరగా మొదలయ్యాయి కదా అని ధైర్యపడడానికీ లేదు, రెండు రకాలు కలిపి వండి ఉండవచ్చు. మరుసటి రోజు తేలికగా ఉందని రోగి ఇంటికి పోదామన్నా, కాలేయ పరీక్షలు రెండు మూడు రోజులపాటు మళ్లీ మళ్లీ చేయించి, డాక్టరు సరేనన్న తరువాతే కదలండి.